పెళ్లి ఫొటోలో ఏది ఊరికే తీసేస్తారు, దేనికి డబ్బు అడుగుతారు

పెళ్లయ్యాక కొద్దిరోజులకు ఫొటోగ్రాఫర్ దగ్గర నుంచి వధూవరుల ఫోనుకు ఒక లింకు వస్తుంది. తీసిన ఫొటోలన్నీ అందులో ఉంటాయి. ఆల్బమ్‌లో వేయాల్సినవి ఎంచుకోమని అడుగుతారు. ఆ లింకుతో పాటే రావలసిన సందేశం మరొకటి ఉంది. ఫొటోల్లో అనుకోకుండా పడిన వస్తువుల్లో వేటిని మాట్లాడుకున్న డబ్బులోనే తీసేస్తారో, వేటికి విడిగా ఇవ్వాలో చెప్పే సందేశం అది. చాలామంది ఫొటోగ్రాఫర్లు దీన్ని పంపరు. అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. ఆల్బమ్ ప్రింటుకు వెళ్లబోయే రోజున "వెనకాల ఆ స్టాండు తీసేయండి" అన్న మాట వస్తుంది, "దానికి ఎక్స్‌ట్రా అవుతుందండి" అన్న జవాబు వెళ్తుంది, పెళ్లంతా బాగా సాగిన స్నేహం అక్కడ బెసుకుతుంది.

తెలుగువాళ్ల పెళ్లి మండపంలో ఈ గొడవకు కావలసిన సరంజామా ఎక్కువే. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పీటల చుట్టూ కొబ్బరికాయలు, బియ్యం పళ్లేలు, పూజసామాను సంచులు, సగం తాగిన నీళ్ల సీసాలు చేరతాయి. మండపం స్తంభం పక్కన వీడియో వాళ్ల లైటు స్టాండు, దాని వైరు, ఎండాకాలమైతే ఒక పెద్ద స్టాండు ఫ్యాను నిలబడతాయి. ముహూర్తం దగ్గరపడేసరికి బంధువుల చేతుల్లో సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఫంక్షన్ హాలు గోడ మీద ఏసీ, స్విచ్ బోర్డు, ఎర్రటి అగ్నిమాపక సిలిండరు ఎలాగూ ఉంటాయి. పంతులుగారు గట్టిమేళం అనగానే ఫొటోగ్రాఫర్‌కు దొరికేది కొన్ని క్షణాలు. సీసా జరపమని చెప్పే వ్యవధి ఉండదు. కాబట్టి ఇవన్నీ ఫొటోలో పడడం తప్పు కాదు. తర్వాత వాటిని తుడిచే పని ఎవరి లెక్కలోకి వస్తుందన్నదే తేలవలసిన విషయం.

ఈ సందేశం ఎలా ఉంటే పనికొస్తుందో చూడడానికి ఒక నమూనా తీసుకోవచ్చు. ఇందులోని ధరలు ఉదాహరణ కోసమే. ఊరినిబట్టి, పనివాడినిబట్టి అవి మారతాయి.

"నమస్తే అండి. ఫొటోల లింకు పంపాను. ఆల్బమ్‌కు 120 ఫొటోలు ఎంచుకోండి. మీరు ఎంచుకున్న ఫొటోల్లో కార్పెట్ మీద సీసాలు, గ్లాసులు, కాగితాలు, గోడ మీద స్విచ్ బోర్డులు, విడిగా కనిపించే వైర్లు, వెనకాల మసకగా ఉన్న స్టాండ్లు మన ప్యాకేజీలోనే తీసేస్తాం. ఒక్కో ఫొటోలో 3 వస్తువుల వరకు ఏమీ ఇవ్వక్కర్లేదు. పూల దండల మధ్యలో, మడతల గుడ్డ మీద స్పష్టంగా కనిపించే స్టాండు, ఫ్యాను లాంటివైతే ఒక ఫొటోలో ఒక వస్తువుకు 300 రూపాయలు అవుతుంది. మనిషి మీదకి అడ్డంగా వచ్చిన చెయ్యి, సెల్‌ఫోను, వైరు తీయాలన్నా, గ్రూపు ఫొటోలోంచి మనిషిని తీయాలన్నా 500 రూపాయలు. ముఖం కప్పేసిన ఫొటోలు ముందు చూసి, కుదురుతుందో లేదో చెబుతాను. ఏ ఫొటోలో ఏం తీయాలో ఫొటో నంబరు రాసి, స్క్రీన్‌షాట్ మీద గుండ్రం చుట్టి పంపండి. ఎంతవుతుందో చెప్పి, మీరు సరే అన్నాకే మొదలుపెడతాం. వీడియోలో వస్తువులు తీయడం ఇందులో లేదండి."

ఇందులో పెద్ద వస్తువుకు ఒక ధర, చిన్న వస్తువుకు ఒక ధర అని ఎక్కడా లేదు. వధూవరులకు వింతగా తోచేది అదే. మనిషంత ఎత్తున్న స్టాండును ఊరికే తీసేస్తామని చెప్పి, అరచేతిలో ఇమిడే సెల్‌ఫోనుకు 500 అడగడం అన్యాయంలా కనిపిస్తుంది. కానీ పని జరిగే తీరు తెలిస్తే లెక్క సరిగ్గానే ఉందని అర్థమవుతుంది.

కెమెరా దేన్ని చూసిందో దాన్నే ఫొటోలో ఉంచుతుంది. సీసా వెనక ఉన్న కార్పెట్ ముక్క ఫొటోలో లేదు. సీసాను తీసేయడమంటే అక్కడ పడిన ఖాళీని మరోదానితో నింపడమే. ఎడిటింగ్ చేసే మనిషి ఆ ఖాళీలోకి పక్కనున్న కార్పెట్ నుంచి ఒక ముక్క తెచ్చి అతికిస్తాడు. ఫొటోషాప్‌లో ఇందుకు మొదటి నుంచీ ఉన్నది క్లోన్ స్టాంప్. ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఇంకోచోట అద్దుతుంది. 2002లో వచ్చిన హీలింగ్ బ్రష్ అలా తెచ్చిన ముక్క రంగును, వెలుగును చుట్టుపక్కల వాటితో కలుపుతుంది. 2010లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ చుట్టూ ఉన్న భాగాల్లోంచి పోలికున్న ముక్కలను తనే వెతికి ఖాళీ నింపుతుంది. ఈ మూడు సాధనాల సూత్రమూ అప్పు తెచ్చి పూడ్చడమే. అప్పు పుట్టే చోటు దగ్గర్లో ఉంటే పని నిమిషంలో అవుతుంది. లేకపోతే ఎడిటర్ కూర్చుని చేత్తో కట్టుకురావాలి.

ఎర్ర కార్పెట్ మీది సీసాకు చుట్టూ కావలసినంత ఎర్ర కార్పెట్ ఉంది. గోడ మీది స్విచ్ బోర్డుకు చుట్టూ గోడ ఉంది. లెన్స్ దూరాన్ని మసకబార్చిన చోట స్టాండు ఎంత ఎత్తున్నా, దాని వెనకున్నది రంగుల మసకే కాబట్టి అందులో ఇంకొంత మసక కలిపితే ఎవరూ పోల్చుకోలేరు. అందుకే ఇవన్నీ ప్యాకేజీలోకి వస్తాయి. అదే స్టాండు చామంతి దండలు వరసగా వేలాడుతున్న తెర ముందు స్పష్టంగా నిలబడితే కథ వేరు. అక్కడ ఒక్కో దండ ఒక్కో తీరున ఊగుతుంది, ఒక్కో పువ్వు మీద వెలుగు ఒక్కోలా పడుతుంది. పక్క దండను తెచ్చి అతికిస్తే రెండు దండలు కవల పిల్లల్లా కనిపిస్తాయి. వాటిని విడదీసి, పూలు అటూఇటూ మార్చి, నీడలు సరిచేసి, దండ పైకొస చివరికంటా తీగకు కట్టినట్టు కనిపించేలా చేయాలి. అర్ధగంట సులువుగా పడుతుంది.

మనిషిని తాకే వస్తువు అన్నిటికంటే కష్టం. పెళ్లికూతురు కంచిపట్టు చీర మీదుగా ఒక నల్ల వైరు పోయిందనుకుంటే, వైరు సన్నదే. కానీ దాని కింద జరీ అంచు ఉంది, ఆ అంచు కుచ్చిళ్లలో మడత మడతకూ దిక్కు మార్చుకుంటుంది. ఒక మడతలోని జరీని తెచ్చి పక్క మడతలో పెడితే నేత గీతలు కలవవు. ఆ చీర ఎన్నాళ్లు వెతికి కొన్నారో గుర్తున్న అమ్మకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. గోరింటాకు పెట్టిన చెయ్యి ఇంకా కష్టం. ఆ డిజైను ఆ చేతికి ఒక్కదానికే ఉంటుంది, అప్పు తేవడానికి పక్కన అలాంటిది ఉండదు. తలంబ్రాల ఫొటోల్లోనూ ఇదే చిక్కు. గాలిలో ఎగురుతున్న ప్రతి గింజా ఒక్కో కోణంలో, ఒక్కో వేగంతో సాగిన గీతలా ఉంటుంది. గింజల గుంపు వెనక ఉన్న ఫ్యానును తీయాలంటే గింజలను ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ తుడవాలి, లేదా గింజలతో సహా తుడిచి మళ్లీ పెట్టాలి.

ముఖం సగం కప్పేసిన సెల్‌ఫోను ఈ వరసలో చివరిది. ఇక్కడ అప్పు అసలే పుట్టదు. పెళ్లికొడుకు తల్లి ఎడమ బుగ్గను ఫోను కప్పేస్తే కుడి బుగ్గను తిప్పి అతికించడం పరిష్కారం కాదు. అలా చేసిన ముఖం ఎవరిదో అయిపోతుంది. ఒక్క దారి ఉంది. ఫొటోగ్రాఫర్లు ముఖ్యమైన ఘట్టాల్లో వరసగా చాలా ఫొటోలు తీస్తారు. ఆ ఫోను కిందికి దిగిన మరో ఫొటో ఉండి, అందులో ఆమె తల దాదాపు అదే వంపులో ఉంటే ఆ బుగ్గను అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. అలాంటి ఫొటో లేకపోతే ఎంత డబ్బిచ్చినా నిజమైన ముఖం రాదు. సందేశంలో "ముందు చూసి చెబుతాను" అన్న వాక్యం ఇందుకే ఉండాలి. ఈ మాట రాయకుండా అన్నీ తీసేస్తామని ఒప్పుకున్న ఫొటోగ్రాఫర్ తర్వాత ఇరుక్కుంటాడు.

ఇదంతా ఒక ఫొటో మీద చూస్తే తేటగా ఉంటుంది. ఒక జంట ఎంచుకున్న వాటిలో DSC_4127 అన్న ఫొటో జీలకర్ర బెల్లం పెట్టిన క్షణానిదనుకుందాం. అడ్డుతెర అప్పుడే దిగింది, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి ఉన్నాయి, పెళ్లికూతురి కళ్లు మొదటిసారి పైకి లేచాయి. ఆల్బమ్‌లో రెండు పేజీలకూ పరుచుకుని రావలసిన ఫొటో. అందులో పీట పక్కన ఒక నీళ్ల సీసా, కార్పెట్ మీద పాకుతున్న ఒక వైరు, ఎడమ స్తంభం దగ్గర దండల మధ్య లైటు స్టాండు ఉన్నాయి. కుడివైపు ఒక బంధువు చాచిన చేతిలోని సెల్‌ఫోను పెళ్లికొడుకు తల్లి చెంపను కప్పేసింది.

సీసా ఒకటి రెండు నిమిషాల పని. అయినా దాని నీడను మరిచిపోకూడదు. సీసా పోయి నీడ మిగిలితే కార్పెట్ మీద కారణం లేని మచ్చ కనిపిస్తుంది. వైరు కార్పెట్ మీద ఉన్నంతవరకు సులువే, అది పీట కింద ముగ్గు గీతలను దాటే చోట మాత్రం ముగ్గు చెదరకుండా చూడాలి. ఈ రెండూ ప్యాకేజీలోనివే. స్టాండు పూలలో నిలబడింది కాబట్టి 300. సెల్‌ఫోనుకు ఎడిటర్ ముందువెనక ఫొటోలు తెరిచి చూస్తాడు. DSC_4125లో ఆ బంధువు ఫోను ఇంకా పూర్తిగా లేవలేదు, తల్లి చెంప స్పష్టంగా ఉంది. కానీ ఆ ఫొటోకు ఫ్లాష్ వెలగలేదు. వరసగా తీసేటప్పుడు ఫ్లాష్‌కు మళ్లీ ఛార్జి అయ్యే వ్యవధి చాలక మధ్యలో ఒకటి రెండు ఫొటోలు ఇలా చీకటిగా పడడం మామూలే. కాబట్టి చెంపను తేవడంతో సరిపోదు. దాని వెలుగును, చర్మం ఛాయను, ఫ్లాష్ వేసినప్పుడు పడే మెరుపును ఈ ఫొటోకు సరిపడేలా మార్చాలి, దవడ గీత వెంబడి అతుకు కనపడకుండా కలపాలి, చెవికమ్మ రెండుసార్లు రాకుండా చూసుకోవాలి. ఫోను పట్టుకున్న చేతిని కూడా భుజం దాకా తీసేయాలి, లేకపోతే మొండి చెయ్యి గాలిలో మిగులుతుంది. గంటకు అటూఇటూ పడుతుంది. దీనికి 500. ఈ ఒక్క ఫొటోకు విడిగా అయ్యేది 800.

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. "స్టాండు తీసేశారుగా, మిగతా ఫొటోల్లో కూడా అదే స్టాండు, అన్నిట్లోనూ తీసేయండి" అంటారు వధూవరులు. వాళ్ల దృష్టిలో స్టాండు ఒక్కటే. ఎడిటర్ దృష్టిలో మాత్రం ఎన్ని ఫొటోల్లో ఉంటే అన్ని స్టాండ్లు. ఫొటోగ్రాఫర్ ఒక అడుగు పక్కకు జరిగినా స్టాండు వెనకున్న దండలు మారిపోతాయి, ముందు ఫొటోలో కట్టిన పూలు ఈ ఫొటోకు పనికిరావు. సందేశంలో "ఒక ఫొటోలో ఒక వస్తువుకు" అన్న నాలుగు మాటలు ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. వస్తువుకు 300 అని మాత్రమే రాస్తే ఒకరికి ఒక అర్థం, మరొకరికి ఇంకో అర్థం వస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే అయినా మాట పడుతుంది.

ఆ జంట ఎంచుకున్న 120 ఫొటోల్లో 14 చోట్ల ఆ స్టాండు పడిందనుకుందాం. గుడ్డిగా లెక్కవేస్తే 14 సార్లు 300 అంటే 4,200 రూపాయలు. కానీ మంచి ఫొటోగ్రాఫర్ అలా లెక్క కట్టడు, ముందు ఒక్కో ఫొటో తెరిచి చూస్తాడు. 5 ఫొటోల్లో స్టాండు అంచున ఉంది, ఫొటోను ఆ వైపు కొంచెం కత్తిరిస్తే చాలు. దానికి ఏ ధరా లేదు. 6 ఫొటోలు దగ్గరగా తీసినవి, వాటిలో స్టాండు మసకలో కలిసిపోయింది కాబట్టి ప్యాకేజీలోనే అయిపోతుంది. జీలకర్ర బెల్లం ఫొటోతో కలిపి 3 ఫొటోల్లో మాత్రమే దండల మధ్య స్పష్టంగా ఉంది. వాటికి 900, సెల్‌ఫోనుకు 500, మొత్తం 1,400 రూపాయలు. "నంబరు రాసి, గుండ్రం చుట్టి పంపండి, ఎంతవుతుందో చెప్పాకే మొదలుపెడతాం" అన్న మాటకు విలువ ఈ తేడాలో ఉంది. నంబర్లు లేకుండా "అక్కడక్కడా ఉన్నవన్నీ" అని అడిగితే ఫొటోగ్రాఫర్ కూడా భయపడి మొత్తానికి ఒక పెద్ద అంకె చెబుతాడు.

కత్తిరించడం ఒక్కటే కాదు, తుడవకుండా దాచే దారులు ఇంకా ఉన్నాయి. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు ఇవి బాగా తెలుసు. ఫొటో అంచున ఉన్న ఫ్యాను మీదకి పక్క ఫొటో కొద్దిగా ఎక్కేలా అమర్చవచ్చు. వెనక గోడను కొంచెం చీకటి చేస్తే సిలిండరు ఎరుపు కంటికి కొట్టడం మానేస్తుంది. అదే క్షణానికి మరో కోణంలో తీసిన ఫొటో ఉంటే దాన్నే వాడవచ్చు. ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ఉన్న పెళ్లిలో ఈ వీలు ఎక్కువ. సందేశంలో ఇవన్నీ రాయాల్సిన పని లేదు గానీ, "తక్కువలో అయ్యే దారి ఉంటే అదే చెబుతాం" అని ఒక వాక్యం చేర్చిన ఫొటోగ్రాఫర్ మీద పెళ్లివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

"నా ఫోనులోనే వేలితో రుద్దితే పోతోంది, మీరెందుకు డబ్బులడుగుతున్నారు" అన్న ప్రశ్న ఈమధ్య తరచుగా వస్తోంది. ప్రశ్నలో న్యాయం ఉంది. సులువైన వస్తువులు ఫోనులో నిజంగానే పోతాయి, అందుకే వాటికి ఫొటోగ్రాఫర్లు కూడా డబ్బు తీసుకోకూడదు. కష్టమైనవి మాత్రం ఫోనులో పోయినట్టు కనిపిస్తాయంతే. ఇందుకు కారణం కొలతల్లో ఉంది. మామూలుగా ఫోను తెర అడ్డంగా 1,080 చుక్కలు ఉంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా తీసిన ఫొటో అడ్డంగా 6,000 చుక్కలు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉన్న ఆల్బమ్ షీటును అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే అడ్డంగా 10,800 చుక్కలు పడతాయి. అంటే ఫోను తెర మీద చూసినదానికి అచ్చులో వచ్చేది అడ్డంగా పది రెట్లు. ఫోనులో గీతంత కనపడని అతుకు షీటు మీద వేలెడంత అవుతుంది.

తీసేసిన పని సరిగ్గా జరిగిందో లేదో వధూవరులే పోల్చుకోవచ్చు. ప్రింటుకు ముందు వచ్చే ప్రూఫును కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, వస్తువు ఉన్న చోటును మాత్రమే చూడాలి. ఒకే పువ్వు, ఒకే గుడ్డమడత పక్కపక్కనే రెండుసార్లు కనిపిస్తే క్లోన్ స్టాంప్‌ను తొందరగా వాడినట్టు. స్తంభం గీత మధ్యలో ఒక్కచోట వంగితే అక్కడ ఏదో పూడ్చారని అర్థం. చుట్టూ ఫొటోలో సన్నటి ఇసుకలాంటి గరుకు ఉండి, ఒక్కచోట మాత్రం నున్నగా మైనం పూసినట్టుంటే అదీ అంతే. రాత్రి ముహూర్తాల్లో తక్కువ వెలుగులో తీసిన ఫొటోలకు ఈ గరుకు ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటిలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది. నున్నటి గ్రానైట్ నేల మీద వస్తువు పోయి దాని ప్రతిబింబం మిగిలిపోవడం మరో తప్పు. ఇలాంటివి దొరికితే మళ్లీ చేయించుకోవడానికి కొత్తగా డబ్బు ఇవ్వక్కర్లేదు. అది ఒప్పుకున్న పనిని పూర్తి చేయడమే.

కళ్లద్దాల మీద పడే లైటు మెరుపును చాలామంది వస్తువుల జాబితాలోనే వేసి పంపుతారు. అది నిజానికి వేరే పని. మెరుపు పలచగా ఉండి దాని కింద కన్ను కనిపిస్తుంటే, దాన్ని తగ్గించడం రంగులు సరిచేసే మామూలు పనిలో భాగమే. తెల్లటి మెరుపు కన్నును పూర్తిగా కప్పేస్తే మాత్రం అది సెల్‌ఫోను అడ్డొచ్చిన ముఖంతో సమానం. వేరే ఫొటోలోంచి కన్ను దొరికితేనే పని అవుతుంది.

మనుషులను తీసేయడం దగ్గర సందేశం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మండపం వెనక మసకలో నడిచిపోతున్న అతిథిని తీయడం స్టాండును తీయడం లాంటిదే. గ్రూపు ఫొటోలో వరస చివర నిలబడ్డ మనిషిని కత్తిరించి తీయవచ్చు. వరస మధ్యలో భుజం భుజం రాసుకుని నిలబడ్డ మనిషిని తీస్తే అటువైపు వ్యక్తి సగం చీర, ఇటువైపు వ్యక్తి చెయ్యి కొత్తగా తయారు చేయాలి. పక్కవారి భుజం మీద వేసిన వేళ్లు నాలుగు అక్కడే మిగిలిపోయిన ఆల్బమ్‌లు చాలామంది ఇళ్లలో ఉన్నాయి. పనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ మనిషి ఎవరో ఫొటోగ్రాఫర్‌కు తెలియదు. ఒకవైపువాళ్లు తీయమన్న మనిషి రెండోవైపువాళ్లకు మేనమామ కావచ్చు. అందుకే "కుటుంబ ఫొటోల్లోంచి మనిషిని తీయాలంటే ఇద్దరూ సరే అనాలి, మార్చని అసలు ఫొటో కూడా మీకు ఇస్తాం" అని రాసిన సందేశం తెలివైనది. పెళ్లి ఫొటో ఒక జ్ఞాపకం మాత్రమే కాదు, ఆ రోజు ఎవరెవరు వచ్చారన్నదానికి రుజువు కూడా. సీసాను తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. మనిషి విషయం అలా కాదు, అసలు ప్రతి భద్రంగా ఉండి తీరాలి.

వీడియో గురించి సందేశంలో ఉన్న ఒక్క వాక్యానికి కూడా కారణం చెప్పాలి. మన దగ్గర పెళ్లి వీడియోలు సాధారణంగా సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఉంటాయి. పది సెకన్ల ముక్కలో 250 ఫొటోలు ఉన్నట్టు లెక్క. కెమెరా కదులుతుంటే స్టాండు ప్రతి ఫ్రేములోనూ చోటు మారుతుంది, దాని ముందు నుంచి మనుషులు నడుస్తారు. ఒక్క ఫ్రేములో తప్పు పడితే అక్కడ తెర మినుకుమంటుంది. ఫొటోల ధరతో దీన్ని కలిపి మాట్లాడుకోవడం ఇద్దరికీ నష్టమే. వీడియోలో ఆ ముక్కను వదిలేసి రెండో కెమెరా కోణాన్ని వాడుకోవడం దాదాపు ప్రతిసారీ మేలు.

చివరగా సందేశంలో ఉండవలసినవి గడువు, కరెక్షన్ల లెక్క. తీయవలసిన వస్తువుల జాబితా ఒక్కసారే, ఒక తేదీలోపు పంపమని అడగడం మంచి పద్ధతి. రోజుకొక ఫొటో చొప్పున నెలంతా వస్తే ఏది చేశారో ఏది మిగిలిందో ఎవరికీ గుర్తుండదు. ఆ జాబితా మీద పని పూర్తయ్యాక ప్రూఫు పంపుతారు, దాని మీద రెండుసార్ల వరకు కరెక్షన్లు ఉచితమని ఒప్పుకోవచ్చు. మొదటి జాబితాలో లేని కొత్త వస్తువు రెండోసారి గుర్తొస్తే అది కరెక్షన్ కాదు, దానికి మొదటి లెక్కే వర్తిస్తుంది. ప్రూఫు చూసి సరే అన్న తర్వాత షీట్లు అచ్చుకు వెళ్తాయి. ఆల్బమ్ షీటును అచ్చయ్యాక దిద్దడం కుదరదు, ఆ షీటు మొత్తం మళ్లీ వేయాలి, బైండింగ్ అయిపోతే దాన్ని విప్పాలి. సరే అన్నాక గుర్తొచ్చిన వస్తువైతే ఆ ఖర్చు వధూవరులది. సరే అన్న ప్రూఫులో ఒకటి, అచ్చులో మరొకటి వస్తే ఫొటోగ్రాఫర్‌ది. ఈ రెండు వాక్యాలూ సందేశంలో చేర్చి, "సరే అండి" అని వధూవరుల దగ్గర నుంచి జవాబు తెప్పించుకున్నాకే ఎడిటర్‌కు ఫైళ్లు ఇవ్వాలి.